ప్రశ్నలవారీ మార్కులు కూడితే త్రికోణమితి అట్టడుగున తేలింది, నమ్మొచ్చా?

సుజాత:
నమస్తే అండి. లెక్కల యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దడం అయిపోయింది. 30 మార్కుల పేపర్, 30 మంది రాశారు, ఇంకో ఇద్దరు గైర్హాజరు. ఏ పాఠం పిల్లలకి ఎక్కువ కష్టమైందో తేలితే దాన్నే మళ్ళీ చెబుదామని, ప్రతి ప్రశ్నకీ వచ్చిన మార్కులు విడివిడిగా షీట్‌లో ఎక్కించాను. ఒక్కొక్కరికి ఒక అడ్డు వరుస, ఒక్కో ప్రశ్నకి ఒక కాలమ్. ప్రశ్నలవారీ సగటులు ఇవి:

ప్ర1 త్రికోణమితి, 2 మార్కులకి 1.5
ప్ర2 బహుపదులు, 2కి 1.6
ప్ర3 సంభావ్యత, 2కి 1.3
ప్ర4 క్షేత్రమితి, 2కి 1.6
ప్ర5 త్రికోణమితి, 4కి 2.2
ప్ర6 బహుపదులు, 4కి 3
ప్ర7 క్షేత్రమితి, 8కి 3.2
ప్ర8 చాయిస్, 6 మార్కులు: (అ) సంభావ్యత లేదా (ఆ) త్రికోణమితి

పాఠాలవారీగా కూడితే త్రికోణమితి 36 శాతం, క్షేత్రమితి 48, సంభావ్యత 61, బహుపదులు 77 వచ్చాయి. త్రికోణమితి క్లాసులో బాగానే చేశారు, అందుకే అనుమానం. నా లెక్కలో ఎక్కడైనా తేడా ఉందా?

కిరణ్:
మేడమ్, మార్కులు నేరుగా కూడకండి. 2 మార్కుల ప్రశ్నకి 1.5 వస్తే మంచి మార్కే, 8 మార్కుల ప్రశ్నకి 3.2 వస్తే తక్కువ. ముందు ప్రతి ప్రశ్ననీ శాతంలోకి మార్చి, ఆ తర్వాత పాఠానికి ఆ శాతాల సగటు తీయండి. నేనెప్పుడూ అలాగే చేస్తాను. మీ క్షేత్రమితికి ప్ర4లో 80, ప్ర7లో 40, సగటు 60 వస్తుంది. అంటే అదీ మరీ కష్టం కాదన్నమాట.

రమణమూర్తి:
సుజాత గారూ, మీ 36 శాతం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తేనే తెలుస్తోంది. ప్ర8లో త్రికోణమితి ఎంచుకోని వాళ్ళకి ఆ గడిలో సున్నా పెట్టారు కదూ? చాయిస్‌లో వదిలేసింది సున్నా కాదు, అది ఖాళీ. రాయాల్సిన ప్రశ్నని రాయకుండా వదిలేస్తే అది సున్నా. ఈ రెండూ కలిసిపోతే చాయిస్ ఉన్న పాఠం ఎప్పుడూ కష్టమైనదానిగానే కనిపిస్తుంది. ఎంతమంది ఏది రాశారో చెప్పండి.

కిరణ్ గారూ, శాతంలోకి మార్చాలన్నది నిజమే. శాతాల సగటు దగ్గరే చిక్కు. 2 మార్కుల ప్ర4కీ 8 మార్కుల ప్ర7కీ సమానమైన బరువు ఇచ్చేస్తున్నారు. ఆ పాఠంలో అందరికీ కలిపి వచ్చిన మార్కులు 144, రావలసినవి 300. అంటే 48 శాతం. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం ప్ర7లోనే పోయాయి, మీ సగటు దాన్ని కప్పేస్తోంది.

సుజాత:
అవునండీ, అన్నిటికీ సున్నాలే పెట్టాను! ప్ర8(అ) 24 మంది రాశారు, సగటు 4.5. (ఆ) ఆరుగురే రాశారు, సగటు 3. ఆ సున్నాలు తీసేస్తే సరిపోతుందా? గైర్హాజరైన వాళ్ళ గడుల్లో ‘గై’ అని రాసి ఉంది.

రమణమూర్తి:
తీసేస్తే సరిపోదు. కింద భాగించే సంఖ్య కూడా మారాలి, రాసిన వాళ్ళ గరిష్ఠ మార్కులే లెక్కలోకి రావాలి. షీట్ ఇలా సర్దుకోండి. 1వ వరుసలో ప్రశ్న సంఖ్య, 2లో పాఠం పేరు, 3లో గరిష్ఠ మార్కులు, 4 నుంచి 35 దాకా పిల్లలు. ప్ర8 రెండు కాలమ్‌లు కాబట్టి మొత్తం తొమ్మిది, C నుంచి K దాకా. పక్కన M2 నుంచి M5 దాకా నాలుగు పాఠాల పేర్లు రాసి, N2, O2, P2 గడుల్లో వరుసగా ఇవి పెట్టి కిందికి లాగండి:

```
=SUMPRODUCT(($C$2:$K$2=M2)*ISNUMBER($C$4:$K$35),$C$4:$K$35)
=SUMPRODUCT(($C$2:$K$2=M2)*ISNUMBER($C$4:$K$35)*$C$3:$K$3)
=N2/O2
```

మొదటిది ఆ పాఠంలో వచ్చిన మార్కులు, రెండోది రావలసిన మార్కులు. గడిలో అంకె ఉంటేనే లెక్కేస్తుంది కాబట్టి ఖాళీలూ మీ ‘గై’లూ అడ్డం రావు. మొదటిదాంట్లో కామా బదులు గుణకారం గుర్తు పెట్టారంటే మాత్రం ‘గై’ దగ్గర #VALUE! అంటుంది.

వెంకట్:
నాదీ ఇదే సమస్య. నేను భౌతికశాస్త్రంలో నాలుగేసి ఆప్షన్ల ప్రశ్నలతో పరీక్ష పెడతాను. కాంతి పాఠంలో 30 శాతం మంది సరిగ్గా పెట్టారు. ఏ పిల్లాడు ఏ పాఠంలో వెనకబడ్డాడో కూడా ఈ ఫార్ములాతోనే తెలుస్తుందా?

రమణమూర్తి:
ఒక్కో పిల్లాడి సంగతి వేరండీ. ఒక పరీక్షలో ఒకడికి ఒక పాఠం నుంచి వచ్చేవి ఒకటి రెండు ప్రశ్నలు, వాటితో ఏమీ తేలదు. ఇక మీ 30 శాతం. నాలుగు ఆప్షన్లుంటే ఏమీ రాని వాడు కళ్ళు మూసుకుని పెట్టినా సగటున 25 వస్తుంది. కాబట్టి మీ 30ని సుజాత గారి లాంటి పేపర్లో వచ్చే 30 శాతంతో పోల్చకూడదు, మీ క్లాసుకి ఆ పాఠం దాదాపు రాలేదన్నట్టే. కాకపోతే ముందు ఎంతమంది ఏ ఆప్షన్ పెట్టారో చూడండి. బాగా చదివేవాళ్ళు సైతం ఒకే తప్పు ఆప్షన్ మీద గుమిగూడి ఉంటే ‘కీ’ తప్పయి ఉండొచ్చు.

సుజాత:
పెట్టానండీ. త్రికోణమితి 60 శాతం, సంభావ్యత 72, క్షేత్రమితి 48, బహుపదులు 80. ఇందాక బహుపదులు 77 కదా, అందులో చాయిస్ కూడా లేదు, మరి ఎందుకు మారింది?

రమణమూర్తి:
O కాలమ్ మొత్తం ఎంత వచ్చింది? 30 మంది, 30 మార్కులు, ఒక్కొక్కరూ చాయిస్‌లో ఒకటే రాశారు. కచ్చితంగా 900 రావాలి.

సుజాత:
780 వచ్చింది.

రమణమూర్తి:
120 తక్కువ. అంటే 30 మందికి 4 మార్కుల ప్రశ్న ఒకటి ఏ పాఠంలోనూ పడలేదు. ప్ర6 మీద పేరు చూడండి, ‘బహుపదులు’ తర్వాత ఒక స్పేస్ ఉండి ఉంటుంది. కంటికి కనపడదు, షీట్‌కి మాత్రం అది వేరే పాఠం.

సుజాత:
స్పేసేనండీ! తీసేశాను. 138/180, 77 శాతం. మొత్తం 900 వచ్చింది. అయితే క్షేత్రమితి మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సిందేనా?

ఫాతిమా:
పాఠం మొత్తం చెప్పే ముందు ఒక్క మాట మేడమ్. ప్ర4లో అదే క్లాసుకి 80 శాతం వచ్చింది. ఒకే పాఠంలో ఒక ప్రశ్నకి 80, ఇంకోదానికి 40 వస్తే నాకు పాఠం కన్నా ప్ర7 మీదే అనుమానం. అందులో ఏమడిగారు?

సుజాత:
స్థూపం, దాని మీద అంతే వ్యాసార్ధం ఉన్న శంకువు. శంకువు ఏటవాలు ఎత్తుకి 2 మార్కులు, బయటి ఉపరితల వైశాల్యానికి 4, దానికి రంగు వేసే ఖర్చుకి 2.

ఫాతిమా:
అయితే ప్ర7ని మూడు కాలమ్‌లుగా విడగొట్టి చూడండి. పేపర్లు మీ దగ్గరే ఉంటే గంట పని.

సుజాత:
చేశాను. ఏటవాలు ఎత్తు 60కి 48, అంటే 80 శాతం. ఉపరితల వైశాల్యం 120కి 36, అంటే 30 శాతం. ఖర్చు 60కి 12, అంటే 20 శాతమే. తమాషా ఏమిటంటే చాలామందిది ఒకే తప్పు. శంకువు సంపూర్ణతల వైశాల్యం, స్థూపం సంపూర్ణతల వైశాల్యం రెండూ వేర్వేరుగా కట్టి కలిపేశారు. రెండూ అతుక్కున్న చోట లోపల దాగిపోయే రెండు వృత్తాలు కూడా కూడికలోకి వచ్చేశాయి. ఖర్చు లెక్క అంతకన్నా అధ్వాన్నం, గుణకారం కూడా మర్చిపోయారేమో!

ఫాతిమా:
ఖర్చుకి మార్కులు ఎలా వేశారు? తప్పు వైశాల్యంతో సరిగ్గా గుణించిన వాళ్ళకి ఏమైనా ఇచ్చారా?

సుజాత:
లేదండీ, జవాబు సరిగ్గా వస్తేనే ఇచ్చాను.

రమణమూర్తి:
అయితే ఆ 20 శాతం గుణకారం గురించి చెప్పడం లేదు. ఒకే తప్పుకి రెండుసార్లు మార్కులు పోయాయి, అంతే. ఆ 2 మార్కుల భాగాన్ని పక్కన పెడితే క్షేత్రమితి 240కి 132, 55 శాతం. త్రికోణమితికి పెద్ద దూరంలో లేదు. ఇంకోసారి పద్ధతికి స్టెప్ మార్కులు వేస్తే పట్టిక నిజానికి దగ్గరగా ఉంటుంది. మీ పిల్లలకి సూత్రాలు వచ్చు, ఏ ముఖం బయటికి కనిపిస్తుందో చూడడమే రావడం లేదు. స్థూపం వక్రతలం, శంకువు వక్రతలం, అడుగున ఒక్క వృత్తం. అలాంటి బొమ్మలు నాలుగు గీయించి, లెక్క చేయించకుండా, బయట ఉన్న ముఖాలకి మాత్రం రంగు వేయమనండి. ఒక పీరియడ్ చాలు.

కిరణ్:
సరే, బరువుల సంగతి ఒప్పుకున్నాను. కానీ చాయిస్ ప్రశ్నని అసలు పాఠం లెక్కలోకి తీసుకోకూడదని నా వాదన. (ఆ) రాసింది ఆరుగురు. వాళ్ళు క్లాసులో బాగా చదివేవాళ్ళో, (అ) అసలు రాక దిక్కులేక రాసినవాళ్ళో మనకి తెలీదు. ఆ ప్రశ్న తీసేస్తే త్రికోణమితి 180కి 111, 62 శాతం. సంభావ్యత 60కి 39, 65 శాతం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

రమణమూర్తి:
తీసేస్తే సంభావ్యతకి మిగిలేది ఒక్క 2 మార్కుల ప్రశ్న. దాన్ని పట్టుకుని పాఠం గురించి ఏం చెబుతాం? నేనైతే రెండు రకాలుగానూ లెక్కేసి, రెండింట్లోనూ అడుగున ఉన్న పాఠాన్నే పట్టించుకుంటాను.

ఫాతిమా:
24 మంది త్రికోణమితిని వదిలేసి సంభావ్యత ఎంచుకున్నారన్నది కూడా ఒక సమాచారమే కదా. రాసినవాళ్ళ మార్కులు మాత్రమే చూస్తే అది కనపడదు. భయపడి వదిలేశారో, (అ) చిన్నదని తీసుకున్నారో పిల్లల్నే అడగాలి.

కిరణ్:
అడిగితే అందరూ రెండోదే చెబుతారు లెండి.

సుజాత:
ఇంకోటి. ప్ర5 త్రికోణమితిలో సర్వసమీకరణం నిరూపణ, 55 శాతం వచ్చింది. దాన్నీ విడగొట్టి చూద్దామంటే, అందులో భాగాలు లేవు. నిరూపణని ఎలా విడగొట్టాలి?

రమణమూర్తి:
మార్కుల పంపిణీ చూడండి. 4, 0లే ఎక్కువుంటే, మొదటి అడుగు తోచినవాళ్ళకి మొత్తం వచ్చింది, తోచనివాళ్ళు ఆగిపోయారు. 2, 3లు ఎక్కువుంటే మొదలుపెట్టి మధ్యలో బీజగణితంలో జారారు. ఈ రెండింటికీ చెప్పాల్సినవి వేరు.

సుజాత:
పదముగ్గురికి 4, పదకొండు మందికి 0, మిగతా ఆరుగురు మధ్యలో. ఆ సున్నాల్లో కొందరు అసలు ముట్టుకోలేదు, కొందరు రెండు వైపులా ఒకేసారి మొదలుపెట్టి చిక్కుపడ్డారు. ఎవరు ఏమిటో విడిగా రాసుకోలేదు, ఇప్పుడు ఆ పదకొండు పేపర్లు మళ్ళీ తీయాలి.