చంటిపాప కంటికి కాటుక, చెవులు కుట్టడం: మీ మాటేమిటి?

ఖమ్మం కోడలు: పాపకు మూడో నెల. అత్తయ్య ఆముదం దీపంతో కాటుక పట్టారు, రోజూ కంటికి పెట్టమంటున్నారు. వచ్చే నెల చెవులు కుట్టించాలట. కాటుకలో సీసం ఉంటుందని చదివాను. ఇంట్లో పట్టినదాంట్లోనూ ఉంటుందా?

తెనాలి సుబ్బలక్ష్మి: ఉండదమ్మా. గుడ్డ వత్తి పొన్నగంటాకు రసంలో నానబెట్టి, ఆరబెట్టి, ఆముదంలో వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తే పట్టేది మసి. అందులోకి సీసం ఎక్కడినుంచి వస్తుంది? మా నలుగురు పిల్లలకీ పెట్టాను, అందరి చూపూ బాగుంది.

కిరణ్: కాటుక అంటేనే సీసం. ఏ రకమైనా ఒకటే. పడేయండి.

నర్సు విజయ: కిరణ్ గారూ, ఏ రకమైనా ఒకటే కాదు. దీపం మసి ప్రధానంగా కర్బనం. సీసం ఉండేది సుర్మాలో. ఆ మెరిసే నల్లరాయి చాలాసార్లు సీసం, గంధకం కలిసిన ఖనిజమే. 2011లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక చంటిబిడ్డ రక్తంలో డెసిలీటరుకు 13 మైక్రోగ్రాముల సీసం తేలింది. అక్కడ 3.5 దాటితేనే ఇప్పుడు పట్టించుకుంటారు. కారణం నైజీరియా నుంచి తెచ్చిన 'తిరో' అనే కంటిపొడి, అందులో 80 శాతానికి పైగా సీసమే. బిడ్డ కళ్లు నలుపుకుంటుంది, ఆ చేయి నోట్లో పెట్టుకుంటుంది, సీసం కడుపులోకి పోతుంది. పైకి ఏమీ కనిపించదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది.

సుబ్బలక్ష్మి గారూ, సీసం విషయంలో మీ మాట చాలావరకు సరే. కానీ మీరు పచ్చకర్పూరం కలుపుతారా? అది చంటిబిడ్డ ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి.

తెనాలి సుబ్బలక్ష్మి: చిటికెడు వేస్తాం, చలవకి. ఎన్నడూ ఎవరికీ ఏమీ కాలేదు.

రజియా, హైదరాబాద్: మా అత్తగారు హజ్ నుంచి తెచ్చిన సుర్మా మా బాబుకి ఆరు నెలలుగా పెడుతున్నాం. ఇప్పుడేం చేయాలి?

నర్సు విజయ: ఇవాళే ఆపేయండి. పిల్లల డాక్టరుకు సుర్మా డబ్బీ చూపించి, రక్తంలో సీసం పరీక్ష అడగండి. ఆపితే స్థాయి మెల్లగా తగ్గుతుంది. మందులు అవసరమయ్యేది బాగా ఎక్కువగా ఉన్నప్పుడే, కంగారు పడకండి.

మాధవి: నేను లెన్సులు పెట్టుకుంటాను, కాటుక పెడితే మండుతుంది. ఏ కంపెనీది మంచిది?

కిరణ్: ఇక్కడ పసిపిల్లల గురించి మాట్లాడుతున్నాం. సుబ్బలక్ష్మి గారూ, ఏమీ కాలేదన్నది ఋజువా? మా బాబుకి మా అమ్మ పట్టుబట్టి ఇరవయ్యొకటో రోజున చెవులు కుట్టించింది. చీము పట్టి, జ్వరమొచ్చి ఆసుపత్రిలో పెట్టాం. అప్పుడు కూడా "అందరికీ ఇలాగే కుట్టారు" అనే అంది.

తెనాలి సుబ్బలక్ష్మి: మీ అమ్మగారి మీద కోపం నా మీద చూపించకండి. మా కంసాలి సూది కాల్చి కుట్టేవాడు, పసుపు రాసేవాళ్లం.

నర్సు విజయ: మంటలో కాల్చిన సూదికి మసి అంటుతుంది, దాన్ని వేళ్లతో పట్టుకుంటారు, పసుపు వంటింటి డబ్బాలోది. పెంటావాలెంట్ టీకా ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు డోసులు. ధనుర్వాతం రక్షణ అందులోనే ఉంది, మూడూ పూర్తయ్యాక కుట్టించండి. కొత్త సూదితో, తమ్మె మెత్తని భాగంలోనే. పైన ఎముకలాంటి చోట సోకితే మానడం కష్టం. రెండు మూడు రోజుల తర్వాత ఎరుపు, వాపు తగ్గకుండా పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మర వెనకాల చర్మంలో కూరుకుపోతోందేమో రోజూ చూడాలి.

ఖమ్మం కోడలు: మసిలో సీసం లేకపోతే కంటికి పెట్టొచ్చా మరి? పాప ఎడమ కంట్లో ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి.

నర్సు విజయ: వద్దమ్మా. పసిపిల్లల్లో కంటినుంచి ముక్కులోకి నీరు దిగే దారి చాలామందికి పూర్తిగా తెరుచుకోదు. ఒక కన్ను చెమర్చడం, పొద్దున పుసి కట్టడం అందుకే. కాటుక పెడితే పుసి రంగు తెలియదు, గోటి మురికి కూడా లోపలికి పోతుంది. కన్ను ఎర్రబడినా, రెప్ప వాచినా, పచ్చని చీము కారినా ఆ రోజే చూపించాలి. ఇప్పుడు కారుతున్న కన్నునీ ఒకసారి చూపించండి.

తెనాలి సుబ్బలక్ష్మి: సీసం అంటారు, గోళ్లంటారు. అసలు సంగతి వేరు. మా కోడలు నేను పెట్టిన కాటుకను అందరి ముందూ తడిగుడ్డతో తుడిచేసింది. పిల్లను ఎత్తుకోబోతే చేతులు కడుక్కోమంది. ఆ ఇంట్లో నాకున్న పని అదొక్కటే.

కిరణ్: మా అమ్మా అదే అంటుంది. కానీ జ్వరంలో ఉన్న బిడ్డ పక్కన కూర్చున్నది మేము. చెప్పే హక్కు మాకు ఉండొద్దా?

తెనాలి సుబ్బలక్ష్మి: ఉండాలి. అందరి ముందూ చెప్పక్కర్లేదు.

ఖమ్మం కోడలు: అత్తయ్యతో మాట్లాడాను. అరికాలికి, బుగ్గకి చుక్క చాలన్నాను. దిష్టి సంగతి ఒప్పుకున్నారు, కానీ కంటికి పెట్టకపోతే కళ్లు పెద్దవి కావంటున్నారు. చెవులు ఐదో నెలలో కుట్టిద్దామన్నారు, అప్పటికి మూడో డోసు అయిపోతుంది.

తెనాలి సుబ్బలక్ష్మి: కళ్లు పెద్దవవుతాయన్నది మాత్రం నిజం. మా చిన్నమ్మాయిని చూస్తే తెలుస్తుంది.