30 గంటల ఓటీ చేస్తే చేతికి 17,643 మాత్రమేనా?

నైట్‌షిఫ్ట్_పటాన్‌చెరు: 2024 మార్చి స్లిప్ ఇది. బేసిక్, డీఏ కలిపి 13,000, హెచ్‌ఆర్‌ఏ 2,600. ఓటీ 30 గంటలకు 3,900 వేశారు. పీఎఫ్ 1,560, ఈఎస్‌ఐ 147, పీటీ 150 కోసి 17,643 ఇచ్చారు. సరేనా? పీఎఫ్ ఓటీ మీద కూడా కొయ్యాలా?

లేత్_సూరి: పీఎఫ్ సంగతి ఎత్తకు తమ్ముడూ, మండుతుంది. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, పీఎఫ్‌లో ఇంకోటి. ఆ ఒక్క తేడాకే నా క్లెయిమ్ మూడుసార్లు వెనక్కొచ్చింది.

వైజాగ్_వెల్డర్: డబుల్ ఓటీ ఇచ్చారు, పీఎఫ్ దాని మీద కొయ్యలేదు. ఇంకేం కావాలి? మా దగ్గర సింగిలే.

టైమ్‌ఆఫీస్_మాజీ: పద్దెనిమిదేళ్లు ఇవే షీట్లు వేశాను, నాకు చెప్పకండి. పీఎఫ్ సరే, ఓటీ మీద పడదు. తప్పు ఓటీ రేటులో ఉంది. 15,600ని 30 రోజులతో భాగించి గంటకు 65 అన్నారు, డబుల్ 130. నెలకు పని రోజులు 26. 26 ఎనిమిదులు 208 గంటలు, గంటకు 75, డబుల్ 150. ఓటీ 4,500 రావాలి.

వైజాగ్_వెల్డర్: 26 గ్రాట్యుటీకండీ, ఓటీకి కాదు. నెలజీతంలో ఆదివారాలకూ డబ్బు ఉంటుందిగా, మరి 30తో భాగిస్తే తప్పేంటి?

టైమ్‌ఆఫీస్_మాజీ: ఆదివారం మిషన్ నడిపావా? పని చేయని రోజును లెక్కలో కలిపి గంట రేటు తగ్గిస్తారా? మా యజమాని కూడా ఇదే వాదన తెచ్చేవాడు.

వైజాగ్_వెల్డర్: నన్ను యజమానితో పోల్చకండి. మర్యాదగా మాట్లాడండి.

హోసూర్_నుంచి: మాకు పీటీ ఆరు నెలలకోసారి కోస్తారు. మీకు నెలనెలా ఎందుకు?

టైమ్‌ఆఫీస్_మాజీ: అది తమిళనాడు. తెలంగాణలో 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200, నెలనెలా. ఇక్కడే తమాషా. 4,500 వేస్తే గ్రాస్ 20,100 అవుతుంది, పీటీ 200కి ఎక్కుతుంది. ఈఎస్‌ఐ ఓటీ మీద కూడా పడుతుంది, ముప్పావు శాతం, పైసలుంటే పై రూపాయికి, 151. పీఎఫ్ అదే 1,560. చేతికి 18,189. అంటే నీకు తక్కువొచ్చింది 546.

లేత్_సూరి: 29 గంటలే చేస్తే గ్రాస్ 19,950, పీటీ 150లోనే ఉంటుంది. ఆ చివరి గంటకు వందైనా మిగలదన్నమాట. ఇంటికెళ్లి పడుకోవాల్సింది.

నైట్‌షిఫ్ట్_పటాన్‌చెరు: అకౌంట్స్‌లో అడిగాను. "సాఫ్ట్‌వేర్ 30 అనే తీసుకుంటుంది" అన్నారు. పాత స్లిప్‌లు తిరగేస్తున్నా, రెండేళ్లుగా ఇంతే.

లేత్_సూరి: ఆధార్‌లో తేదీ మార్పించిన వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?