చీలమండ బెణికితే ఐస్ పెట్టి మంచం ఎక్కించాలా, లేపి నడిపించాలా?

శీను_షటిల్:
నిన్న సాయంత్రం మా తమ్ముడు, 19 ఏళ్లు, స్మాష్ కొట్టి దిగేటప్పుడు పార్ట్‌నర్ కాలి మీద దిగాడు, పాదం లోపలికి మడతపడింది. బయటివైపు గిలక కింద బాగా వాచింది. అమ్మ ఏమో ఐస్ పెట్టి దిండు మీద కాలు పెట్టించి, వాపు పోయేదాకా మంచం దిగొద్దంటోంది. వాడి జిమ్ ట్రైనర్ ఐస్ అసలు ముట్టుకోవద్దు, నడిపించండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జిమ్ముగాడు:
ట్రైనర్ కరెక్ట్ బ్రో. ఈ రెస్టు, ఐసు, కట్టు, కాలు పైకి అనే రైస్ ఫార్ములా 1978లో అమెరికాలో గేబ్ మిర్కిన్ అనే డాక్టర్ పెట్టాడు, 2014లో ఆయనే ఐసూ, పూర్తి రెస్టూ దెబ్బ మానడాన్ని లేట్ చేస్తాయేమో అని రాసేశాడు. పెట్టినోడే కాదన్నాక ఇంకేం కావాలి? వాపు అంటే బాడీ రిపేర్ పని, దాన్ని ఆపడం ఎందుకు? ఐస్ పారేయ్, పెయిన్‌కిల్లర్ వేయకు, రేపట్నుంచి స్లోగా జాగింగ్.

పెదనాన్న_తెనాలి:
జాగింగా!! నీకు దణ్ణం నాయనా. మా రోజుల్లో పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, రాత్రి వేడి నువ్వుల నూనెతో గట్టిగా రుద్దితే పక్కకి జరిగిన నరం చోటుకి వచ్చేది. ఐసూ లేదు గైసూ లేదు.

ఫిజియో_విశాఖ:
శీను గారూ, ఐస్ గొడవ తర్వాత చూద్దాం, ముందు ఎముక విరగలేదని తేల్చుకోవాలి, ఆ మాట ఇక్కడ ఎవరూ అడగలేదు. కెనడాలో అటావా డాక్టర్లు 1992లో దీనికి ఒక పద్ధతి ఇచ్చారు, ఇప్పటికీ అదే వాడతాం. తమ్ముణ్ణి నాలుగు అడుగులు వేయమనండి, కుంటినా పర్లేదు, కానీ పాదం మీద బరువు పడాలి. పడ్డ వెంటనే వేయలేక, ఇప్పుడూ వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. తర్వాత బయటి గిలకా, లోపలి గిలకా రెండింటికీ వెనక అంచు మీద, కింది కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల దాకా వేలితో ఎముకనే నొక్కండి. వాపు మీద నొక్కితే ఎవరికైనా నొప్పే, దాన్ని లెక్కపెట్టొద్దు. పాదం బయటి అంచు మధ్యలో చిటికెన వేలి ఎముక మొదలు ఉబ్బెత్తుగా తగులుతుంది, అక్కడ కూడా నొక్కాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు, బెణుకు అనుకుని తిరిగేవాళ్లలో అక్కడ విరిగినోళ్లు ఉంటారు. ఇంకోటి పాదం లోపలివైపు, వంపు పైన పొడుచుకొచ్చినట్టు ఉండే ఎముక. వీటిలో ఏ ఎముక మీద నొప్పున్నా ఎక్స్‌రే. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకీ, మందు కొట్టి ఉన్నవాళ్లకీ మాత్రం ఈ పరీక్ష నమ్మొద్దు, వాళ్లకి నొప్పి సరిగా తెలీదు.

పెద్దాయనా, నరం ఎక్కడికీ జరగదండీ, తెగేది ఎముకకీ ఎముకకీ మధ్య ఉండే పట్టీ లాంటి లిగమెంట్. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా రుద్దితే లోపల రక్తం ఇంకా కారి వాపు పెరుగుతుంది. సున్నంతో చర్మం కాలి పొక్కులొచ్చినవాళ్లని క్లినిక్‌లో చూస్తూనే ఉంటా.

మాధవి_హన్మకొండ:
నాకు కూడా పొద్దున లేచి కాలు కింద పెట్టగానే మడమ కింద సూది గుచ్చినట్టు ఉంటుంది, కాసేపు నడిస్తే తగ్గుతుంది. నేను కూడా క్రేప్ బ్యాండేజ్ కట్టి ఐస్ పెట్టుకోవచ్చా?

ఫిజియో_విశాఖ:
మాధవి గారూ, అది బెణుకు కాదండీ, అరికాలి కింద పట్టీ నొప్పిలా ఉంది, దాని వైద్యం పూర్తిగా వేరు. వేరే పోస్టు పెట్టండి, అక్కడ రాస్తాను.

శీను_షటిల్:
చెక్ చేశామండీ. కుంటుతూ నాలుగు కాదు, హాలు చివరిదాకా నడిచాడు. గిలక వెనక అంచు నొక్కితే ఏం లేదు, పాదం అంచు ఎముక దగ్గర కూడా లేదు. గిలక ముందు, కొంచెం కింద గుంటలా ఉండే చోట నొక్కితే మాత్రం అరిచాడు.

ఫిజియో_విశాఖ:
మంచిదే. లోపలికి మడతపడినప్పుడు ముందుగా తెగేది అక్కడి లిగమెంటే, చాలామందికి అదే. ఇంకొక్కటి చూడండి, గిలకకి బాగా పైన, పిక్క మధ్యలో రెండు ఎముకలనీ రెండు చేతుల మధ్య పెట్టి పిండండి. పైన పిండితే కింద చీలమండ దగ్గర నొప్పొస్తే అది రెండు ఎముకల్నీ కలిపి ఉంచే లిగమెంట్ దెబ్బ, దానికి తొందరపడి నడిపించకూడదు, ఆర్థోకి చూపించాలి. అది లేకపోతే మంచం మీద ఉండాల్సిన పని లేదు.

ఎందుకంటే లిగమెంట్ అతుక్కునేటప్పుడు కొత్త పోగులు మొదట అడ్డదిడ్డంగా పడతాయి, కొద్దికొద్దిగా లాగుడు పడుతుంటేనే ఆ లాగుడు దిక్కుకి సర్దుకుని గట్టిపడతాయి. కాలు కదలకుండా పెడితే ఆ సర్దుబాటు సరిగా జరగదు, పైగా పిక్క కండ చూస్తుండగానే సన్నబడుతుంది, కీలు బిగుసుకుపోతుంది. అందుకే 2012 నుంచి మా వాళ్లు ఫార్ములాలో రెస్టు తీసేసి తగినంత లోడ్ అని పెట్టారు, ఆ కొత్త ఫార్ములా పేరు పోలీస్. జిమ్ముగాడు గారు గమనించాల్సింది ఏంటంటే అందులో ఐస్ అలాగే ఉంది.

జిమ్ముగాడు:
పాత డాక్టర్లు అలవాటు మానుకోలేక ఉంచారు అంతే. మిర్కినే వద్దన్నాడు కదా.

ఫిజియో_విశాఖ:
మొత్తానికి వద్దనలేదు బ్రో, పూర్తిగా చదవండి. నొప్పి తగ్గడానికి పది నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీసేసి, ఇంకోటి రెండుసార్లు పెట్టుకోవచ్చు, దెబ్బ తగిలిన ఆరు గంటల తర్వాత పెట్టి లాభం లేదు అన్నాడు. దెబ్బ మానడాన్ని ఐస్ ఆపుతుందనే వాదనకి ఉన్న ఆధారం ఎక్కువగా ఎలుకల కండల మీద చేసిన పని, మనిషి చీలమండ లిగమెంట్ మీద అలా తేల్చింది లేదు. అలాగని ఐస్ పెడితే తొందరగా మానుతుందని కూడా ఎవరూ చూపించలేదు. కాబట్టి అది నొప్పికి మందు, అంతవరకే. నొప్పి తగ్గితే పాదం కదుపుతాడు, నడుస్తాడు, అది లాభం. పలచటి తడిగుడ్డ మీద పెట్టండి, నేరుగా చర్మం మీద వద్దు. షుగర్ ఉండి స్పర్శ తగ్గిన పెద్దవాళ్లకైతే అసలు వద్దు.

2010లో ఉత్తర ఐర్లండ్‌లో 101 మంది మీద చేసిన ట్రయల్ ఉంది. సగం మందికి పాత పద్ధతి, సగం మందికి మొదటి వారంలోనే ఎక్సర్‌సైజులు. ఒకటి, రెండు వారాల దగ్గర ఎక్సర్‌సైజ్ వాళ్లు పనులు బాగా చేసుకోగలిగారు. కానీ ఐస్ రెండు గుంపులకీ ఇచ్చారు! జనం మాత్రం దీన్నే ఐస్ వద్దనడానికి సాక్ష్యంగా షేర్ చేస్తుంటారు.

లీడ్స్_నర్సు:
ఫిజియో గారూ, ఒక్క విషయం. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీలో పని చేస్తాను, రెస్టు పాతబడిపోయింది అని మరీ గట్టిగా అంటే ఒప్పుకోను. ఇక్కడే 584 మంది మీద చేసిన ట్రయల్ 2009లో వచ్చింది, మూడు రోజులైనా కాలు కింద పెట్టలేని వాళ్లు అందరూ. పది రోజులు మోకాలి కింద ప్లాస్టర్ వేసినవాళ్లు, గొట్టం బ్యాండేజ్ తొడిగినవాళ్లకంటే మూడు నెలల దగ్గర బాగున్నారు. అది రెస్టు కాకపోతే ఏంటి?

ఫిజియో_విశాఖ:
నిజమేనండీ, అది నా లాంటివాళ్లకి మింగుడుపడని ట్రయల్, కాదనను. తొమ్మిది నెలలకి తేడా పోయింది అనేది కూడా కలిపి చెప్పాలి. నేనైతే ఇలా అర్థం చేసుకుంటాను, అంత పెద్ద దెబ్బకి గొట్టం బ్యాండేజ్ ఊతం కానే కాదు, కాస్త గట్టి ఊతం ఉంటేనే మనిషి ధైర్యంగా బరువు వేస్తాడు. మీరు పది రోజుల రెస్టు వల్లే అంటారు, ఇద్దరి దగ్గరా పూర్తి జవాబు లేదు.

లీడ్స్_నర్సు:
నేను అడుగు వేయలేనివాళ్లకే అంటున్నా, హాలంతా నడిచిన కుర్రాడికి ప్లాస్టర్ ఎవరూ వేయరు లెండి.

శీను_షటిల్:
పిక్క పిండినా నొప్పి లేదండీ. ఇప్పుడు రోజూ ఏం చేయించాలో చెప్పండి. టోర్నమెంట్ వచ్చే నెల ఉంది.

ఫిజియో_విశాఖ:
మొదటి రెండు మూడు రోజులు క్రేప్ బ్యాండేజ్ వేళ్ల మొదలు నుంచి పైకి కట్టండి, వేళ్లు నీలం తిరిగినా తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టాలి. కూర్చున్నప్పుడు కాలు పైకి. గంట గంటకీ పాదాన్ని పైకీ కిందకీ ఆడించమనండి, లోపలికి తిప్పడం మాత్రం ఇప్పుడే వద్దు, అలా తిరిగే తెగింది. నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ మెల్లగా రాస్తే చాలు, రుద్దొద్దు. ఇంట్లో నడవాలి, కుంటుతున్నన్నాళ్లూ బాగున్న కాలి వైపు చేతిలో కర్ర పట్టుకుని. దెబ్బ తగిలిన వైపే కర్ర పట్టుకుంటారు అందరూ, అది తప్పు.

ఎంత చేయాలో తెలీడానికి ఒక గుర్తు ఉంది. చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు నాలుగు దాకా ఉన్నా ఫర్వాలేదు, కానీ మర్నాడు పొద్దున వాపూ నొప్పీ నిన్నటికంటే పెరిగితే నిన్న ఎక్కువ చేశాడని అర్థం, ఆ రోజు సగం చేయించండి. సాయంత్రానికి కొంచెం వాచడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

కుంటకుండా నడిచాక గోడ పట్టుకుని మడమలు లేపడం, ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒక్క కాలితో. దానితోపాటు ఒంటికాలి మీద నిలబడటం, పళ్లు తోముకునేటప్పుడు చేయిస్తే మర్చిపోడు, అలవాటయ్యాక కళ్లు మూసుకుని. జనం వదిలేసేది ఇదే. లిగమెంట్‌తో పాటు పాదం ఎటు వాలుతోందో మెదడుకి చెప్పే తీగలు కూడా దెబ్బతింటాయి, నొప్పి పోయినా ఆ లోటు ఉంటుంది, అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంది. నెదర్లాండ్స్‌లో 522 మంది క్రీడాకారుల్లో సగం మందితో ఇంట్లోనే ఎనిమిది వారాలు ఈ బ్యాలెన్స్ పని చేయిస్తే, ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు 33 శాతం నుంచి 22కి తగ్గారు.

పెదనాన్న_తెనాలి:
అంటే ఒంటికాలి మీద జపం చేయమంటావు. సరే, నూనె ఎప్పుడు రాయొచ్చో అది చెప్పు.

ఫిజియో_విశాఖ:
వాపు బాగా తగ్గాక, ఓ వారం తర్వాత, మెల్లగా రాయండి పెద్దాయనా. సున్నం మాత్రం తమలపాకులోకే వాడండి.

జిమ్ముగాడు:
సరే జాగింగ్ మాట వెనక్కి తీసుకుంటా, కానీ ఐస్ మీద నేను ఒప్పుకోను. లాభం చూపించనిదాన్ని ఎందుకు పెట్టాలి?

ఫిజియో_విశాఖ:
పెట్టకపోయినా నష్టం లేదు బ్రో, నొప్పి ఓర్చుకుని నడవగలిగితే మానేయండి. శీను గారూ, టోర్నమెంట్‌కి తేదీ చూసి దింపొద్దు. ఒంటికాలి మీద ముందుకీ పక్కలకీ గెంతి, బాగున్న కాలితో ఎంత దూరం వస్తుందో దాదాపు అంతా రావాలి, దిగేటప్పుడు తడబడకూడదు. అప్పుడు కూడా కొన్నాళ్లు యాంకిల్ బ్రేస్ వేసుకుని ఆడాలి. వారం దాటినా బరువు వేయలేకపోయినా, నడుస్తుంటే కీలు పట్టేసినట్టు ఆగినా మళ్లీ డాక్టర్‌కి చూపించండి, మొదటి రోజు ఎముకలు నొక్కితే ఏం లేదు కదా అని ఊరుకోవద్దు.

శీను_షటిల్:
థాంక్సండీ. అమ్మకి చదివి వినిపించా, నడవనిస్తానంది, కానీ ఐస్ తీయనంటోంది. పది నిమిషాలకి ఫోన్‌లో అలారం పెట్టా.