కోడిగుడ్డు పులుసులో గుడ్డు రబ్బరులా ఎందుకు అవుతోంది?

నల్లగొండ శ్రావణి: గుడ్లు పన్నెండు నిమిషాలు ఉడికిస్తాను. ఒలిచి, నూనెలో ఎర్రగా వేయించి, చింతపండు పులుసులో ఇరవై నిమిషాలు మరిగిస్తాను. పులుసు బాగుంటుంది, గుడ్డు మాత్రం పళ్ల కింద సాగుతోంది. వేయించడం మానేయాలా, పులుసులో సమయం తగ్గించాలా?

దేవరకొండ అనసూయ: వేయించడం అస్సలు మానకండి. వేయిస్తే పైపొర మూసుకుపోతుంది, లోపలి తడి బయటికి పోదు. ఆ తర్వాత ఎంతసేపు మరిగినా ఏమీ కాదు. మీరు సరిగ్గా వేయించి ఉండరు.

రవీందర్, జడ్చర్ల: మా ఇంట్లో పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడి వస్తుంది. ఉడికేటప్పుడు ఉప్పు వేయాలా?

మిర్యాలగూడ మెస్ బాబాయి: రవీందర్ గారూ, అది వేరే సంగతి. మరీ తాజా గుడ్డయితే అలాగే అంటుకుంటుంది, నాలుగైదు రోజులు ఆగి ఉడికించండి.

అనసూయ గారూ, వేయించాలన్న మాట నిజమే, కారణం మాత్రం అది కాదు. నేను పదకొండేళ్లు మెస్ నడిపాను. తెల్లసొనలో ఎక్కువ భాగం నీరే. వేడికి అది గట్టిపడి ఆ నీటిని తనలో పట్టి ఉంచుతుంది. వేడి ఆగకపోతే ఆ పట్టు ఇంకా బిగుసుకుని నీటిని బయటికి పిండేస్తుంది. మిగిలేదే రబ్బరు. నూనెలో ఏర్పడిన పొర వేడిని ఆపలేదు, నీటినీ ఆపలేదు.

దేవరకొండ అనసూయ: ముప్ఫై ఏళ్లుగా వండుతున్నాను. మా అమ్మ వేయించకుండా ఎప్పుడూ వేయలేదు. మెస్సులో వందమందికి వండే లెక్క ఇంటికి చెప్పకండి.

మిర్యాలగూడ మెస్ బాబాయి: ఇంటి లెక్కే చెబుతాను తల్లీ. ఒకే రకం గుడ్లు నాలుగు తీసుకోండి. నీళ్లు మరిగాక వేసి తొమ్మిది నిమిషాలకు తీసి, వెంటనే చల్లటి నీళ్లలో వేయండి. లేకపోతే పెంకు లోపలి వేడికి గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది. రెండింటిని వేయించండి, రెండింటిని వదిలేయండి. మరుగుతున్న పులుసులో ఒక్కో రకం నుంచి ఒకటి ఐదు నిమిషాలు, మిగిలినవి ఇరవై నిమిషాలు ఉంచి, కోసి చూడండి.

నేను చూశాను. ఇరవై నిమిషాలున్న రెండూ సాగాయి, వేయించినది ఇంకా గట్టిగా ఉంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కూడా కనిపించింది. గుడ్డు ఎక్కువసేపు ఉడికిందనడానికి అది గుర్తు. ఐదు నిమిషాలున్న వాటిలో వేయించనిది మెత్తగానే ఉంది, కానీ పులుసు దాని మీద నిలవకుండా జారిపోయింది. వేయించినదానికి పులుసు పట్టింది, పైన పలుచని పొర, లోపల మెత్తదనం. వేయించడం దానికోసమే.

పాలమూరు కవిత: పోయిన నెల ఒక పెళ్లిలో తిన్న గుడ్డు కత్తికి కూడా తెగలేదు. పొద్దున వండి రాత్రి వరకు పొయ్యి మీదే ఉంచారట.

నల్లగొండ శ్రావణి: బాబాయి గారూ, అయితే ఎర్రగా వేయించడమే నా తప్పా?

మిర్యాలగూడ మెస్ బాబాయి: అదొకటి, ఇరవై నిమిషాలు రెండోది. ఒలిచిన గుడ్డును బట్టతో తుడిచి, నిలువుగా మూడు గాట్లు పచ్చసొనకు తగలకుండా పెట్టండి. గాట్లు లేకపోతే నూనెలో చిట్లే ప్రమాదం ఉంది. నూనెలో చిటికెడు పసుపు, కారం వేసి, మధ్యస్థపు మంట మీద దొర్లిస్తూ నిమిషంన్నర చాలు. లేత బంగారు రంగు రాగానే తీసేయాలి. బుడగలు లేచి ముదురు రంగుకు వచ్చిందంటే ఆ పొర తోలే అవుతుంది.

దేవరకొండ అనసూయ: ఐదు నిమిషాల్లో గుడ్డుకు పులుపు ఏం పడుతుంది? మీరు చెప్పేది పక్కన ఉడికిన గుడ్డు పెట్టి పైన పులుసు పోసినట్టే! నువ్వులు, పల్లీలు నూరిపోసి, జొన్న రొట్టెతో మా అమ్మ పెట్టిన పులుసులో గుడ్డు లోపల దాకా పులుపెక్కేది. మెత్తదనం ఎవరికి కావాలి?

మిర్యాలగూడ మెస్ బాబాయి: ఇదే ముందు చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. మీకు కావలసింది పులుపు, శ్రావణికి కావలసింది మెత్తదనం. పులుపు పట్టడానికి మంట అక్కర్లేదు, సమయం కావాలి. పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక గాట్లు పెట్టిన గుడ్లు వేసి, ఐదు నిమిషాల్లో పొయ్యి ఆపి, మూత పెట్టి అరగంట వదిలేయండి.

దేవరకొండ అనసూయ: అది మా అమ్మ పులుసు కాదు. ఆ గట్టిదనం కూడా రుచే.

నల్లగొండ శ్రావణి: ఆదివారం అలాగే చేశాను. తొమ్మిది నిమిషాలు, లేత వేయింపు, పొయ్యి ఆపి అరగంట. సాగలేదు. పులుపు గాట్ల వరకే పట్టింది, పచ్చసొన దగ్గర చప్పగానే ఉంది. రాత్రి మిగిలినవాటిని పులుసుతో కలిపి మరిగిస్తే మళ్లీ గట్టిపడ్డాయి.

మిర్యాలగూడ మెస్ బాబాయి: మిగిలితే గుడ్లు తీసి పక్కన పెట్టి పులుసు ఒక్కటే వేడి చేయండి. ఆ వేడి పులుసులో గుడ్లు వేస్తే చాలు. లోపల చప్పదనానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

దేవరకొండ అనసూయ: నా దగ్గర ఉంది. ఇరవై నిమిషాలు.