‘అయిపోయినట్టే’ అంటే అయిపోయినట్టా, కానట్టా?

అరసున్న: ఒక ‘ట్టే’ రెండు రోజులుగా నన్ను తినేస్తోంది. మా సహోద్యోగి ఒకావిడ మాతృభాష హిందీ, తెలుగు నేర్చుకుని చదువుతారు. ఆవిడకి మెయిల్ రాశాను: ‘నివేదిక అయిపోయినట్టే. రేపు ఓసారి చూసి పంపేస్తా.’ పూర్తయిందనుకుని తన దగ్గరున్న చిత్తుప్రతినే పైవాళ్లకు పంపేశారు. తప్పు నాదా, ‘ట్టే’దా?

కొమ్ముదీర్ఘం: ‘నట్లే’ అని రాయాల్సింది.

అరసున్న: నేనడిగింది వర్ణక్రమం కాదండీ.

తలకట్టు: చివరి ‘ఏ’ నిశ్చయార్థకం. ‘ఆయనే వచ్చాడు’లో ఉన్నదే ఇక్కడా ఉంది. కాబట్టి ఆవిడ చదివిందే సరైనది.

వలపలగిలక: నిశ్చయమే, కాదనను. కానీ దేన్ని నొక్కుతోంది? ‘అట్టు’ని, అంటే పోలికని. పని దాదాపు అయిందని మనం పట్టుకునేది ఆ తోకతోనే. నేర్చుకుని చదివేవారికి ముందుగా కనబడేది ‘అయిపోయిన’. పైగా ‘కాలేదు’ అన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నేనైతే ఇలా రాస్తాను: ‘నివేదిక ఇంకా పూర్తి కాలేదు. 12 పేజీలలో 10 పూర్తయ్యాయి. మిగతా 2 పేజీలు నేను 14వ తేదీ సాయంత్రం 5 గంటలకు మీకు పంపుతాను. అప్పటివరకు దీన్ని ఎవరికీ పంపవద్దు.’

తలకట్టు: మరీ పొడిగా, ఆజ్ఞాపించినట్టు ఉంది.

వలపలగిలక: ‘దయచేసి’ చేర్చుకోండి. మర్యాద కోసం ‘చూద్దాం లెండి’ అంటే మాత్రం, మనకది ‘కుదరదు’, వాళ్లకి ‘చూస్తాం’.

పాతనిఘంటువు: నా అనుభవం వేరు. హిందీవారు కదా, సంస్కృత పదాలు పడితే సులువనుకుని ‘అవకాశం ఉంటే చెప్పండి’ అని రాశాను. ‘నేను సెలవు అడగలేదే’ అని జవాబు! హిందీలో ‘అవకాశ్’ అంటే సెలవు. మన ‘ఉపన్యాసం’ కూడా వాళ్లకి నవల. అప్పట్నుంచి ‘మీకు వీలైతే’ అంటున్నాను.

కొమ్ముదీర్ఘం: తేలిక మాటలు వాడితే చాలు, వేమనలాగా.

పాతనిఘంటువు: వేమన తేలికా! మాటలు చిన్నవేగానీ అర్థం పోలికలో దాక్కుని ఉంటుంది. 1829లో ఆ పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించిన బ్రౌన్, 1852లో నిఘంటువూ తెచ్చాడు. ఆయన నిఘంటువు తెరిస్తే నాకు పూట గడిచిపోతుంది. పరాయి కంటితో చదివినవాడు కాబట్టే మనం దాటేసే అర్థాలు విడివిడిగా పెట్టాడు.

వలపలగిలక: నిజమే. ‘చేతులెత్తేశారు’లో కష్టమైన మాట ఒక్కటీ లేదు, ఉన్నదున్నట్టు చదివితే వ్యాయామం.

అరసున్న: సరే, తిరగరాస్తున్నాను. చివరి వాక్యం: ‘నా ప్రతి వచ్చాక మీరు పంపవచ్చు.’ బాగుందా?

వలపలగిలక: ‘పంపవచ్చు’ అనుమతా, పంపుతారేమోనన్న ఊహా? ‘పంపండి’ అనండి.

తలకట్టు: ‘మీరు’ ఉంది కదా, అనుమతే!

వలపలగిలక: ‘మీరు రేపు రావచ్చు’ అన్నప్పుడూ ‘మీరు’ ఉందిగా.

కొమ్ముదీర్ఘం: ఇంతకీ ‘నట్లే’నా, ‘నట్టే’నా?