వస్తువును కట్ చేసేటప్పుడు కింద నీడ ఉంచాలా, తీసేయాలా?

కొత్తకుంచె:
తెల్ల పేపర్ మీద పెట్టి తీసిన పింగాణీ కప్పు ఫోటో ఉంది. పెన్ టూల్‌తో కప్పు వరకే కట్ చేసి పసుపు పేజీ మీద పెడితే గాల్లో తేలుతున్నట్టుంది. నీడతో కలిపి కట్ చేస్తే కింద బూడిదరంగు మచ్చలా వస్తోంది. నీడ ఉంచాలా, తీసేయాలా?

కత్తెరపని:
తీసేయండి. ఇందులో ఆలోచించాల్సిందేం లేదు. ఒకే పేజీలో నలభై వస్తువులు వస్తాయి. ఒక్కోటి ఒక్కో రోజు తీసినవి, ఒకదాని నీడ ఎడమకి, ఇంకోదాని నీడ కుడికి. అన్నీ శుభ్రంగా కట్ చేసి, అన్నిటికీ ఒకే సెట్టింగ్‌తో Drop Shadow ఇస్తే పేజీ అంతా ఒకేలా ఉంటుంది. నేను ఏళ్లుగా ఇదే చేస్తున్నాను.

వెలుగునీడ:
నలభై వస్తువుల పేజీ విషయంలో కత్తెరపని గారు చెప్పింది నిజమే. కానీ Drop Shadow కప్పుకు పనికిరాదు. అది కప్పు ఆకారాన్నే కాపీ చేసి కాస్త పక్కకి జరిపి మసకబారుస్తుంది. గోడకు అంటించిన కాగితం నీడ అలా ఉంటుంది. కప్పు నేల మీద నిలబడి ఉంది, దాని నీడ నేల మీద పరుచుకోవాలి.

మీ ఫోటోను 300 శాతానికి జూమ్ చేసి కప్పు అడుగు చూడండి. కప్పు పేపర్‌ను తాకే చోట సన్నటి నల్లటి గీత ఉంటుంది, రెండు మూడు పిక్సెళ్లు, అడుగు వంపుతో పాటే తిరుగుతుంది. వెలుగు దూరలేని సందు అది. అక్కడి నుంచి పక్కకి మెల్లగా పలచబడుతూ పోయేది వేరే నీడ, లైటు ఎటు ఉందో చెప్పేది. వస్తువును నేల మీద కూర్చోబెట్టేది మొదటిది. దాన్ని నేను ఎప్పుడూ తీయను. రెండోది పేజీని బట్టి ఉంచుతాను, కుదిస్తాను, లేదా తీసేస్తాను. కాబట్టి "నీడ" అని ఒకే మాటగా అడిగితే జవాబు దొరకదు.

ఫోటోకష్టాలు:
నాదీ ఇదే సమస్య. పాస్‌పోర్ట్ ఫోటోలో తల వెనక గోడ మీద నీడ పడింది. అది కూడా ఉంచమంటారా?

వెలుగునీడ:
అది వేరే విషయం అండీ. అక్కడ వెనక గోడ శుభ్రంగా కనబడాలి, నీడ ఉండకూడదు. ఎడిట్ చేయడం కన్నా గోడకు ఇంకాస్త దూరంగా నిలబడి మళ్లీ తీయించుకోండి.

కొత్తకుంచె:
అడుగు గీత ఉంచడం అర్థమైంది. మరి ఆ బూడిద మచ్చ లేకుండా ఎలా ఉంచాలి? అంచులు ఎంత మసకబరిచినా పోవట్లేదు.

వెలుగునీడ:
అంచులతో పోదు. మీరు కట్ చేసింది నీడను మాత్రమే కాదు, నీడ పడిన తెల్ల పేపర్‌ను కూడా. ఆ పేపర్ ముక్కే పసుపు మీద బూడిదగా కనిపిస్తోంది.

లెక్క చూడండి. సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు. కప్పు పక్కన ఖాళీ పేపర్ విలువ 240, నీడలో ఒక చోట 180 అనుకుందాం. 180ని 240తో భాగిస్తే 0.75. అంటే అక్కడ పేపర్ వెలుగులో ముప్పావు వంతే మిగిలింది. పేజీకి కూడా అదే జరగాలి. పసుపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 250, 200, 60 అయితే నీడలో 188, 150, 45 కావాలి. అది ముదురు పసుపు, బూడిద కాదు. సరిగ్గా ఇదే రావాలంటే ఆ పిక్సెల్‌లో 25 శాతం నలుపు, మిగతా 75 శాతం పారదర్శకం ఉండాలి.

GIMPలో అయితే కప్పు లేయర్ పైన ఉంచి, కింద అసలు ఫోటో కాపీ పెట్టండి. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి Color to Alphaలో కప్పు పక్కనున్న పేపర్ రంగును ఎంచుకోండి. Photoshopలో అయితే కాపీని బ్లాక్ అండ్ వైట్ చేసి, Levelsలో తెలుపు స్లయిడర్‌ను 240కి లాగి, లేయర్ బ్లెండ్ మోడ్‌గా Multiply పెట్టండి. కానీ Multiply ఆ ఫైల్ లోపలే పనిచేస్తుంది. పీఎన్‌జీగా బయటికి పంపితే అది వెంట రాదు. అప్పుడు నల్ల లేయర్ ఒకటి వేసి, ఆ బ్లాక్ అండ్ వైట్ కాపీని Invert చేసి, ఆ నల్ల లేయర్ మాస్క్‌లో అతికించాలి. ఏ దారిలో చేసినా కింది లేయర్‌లో నేల భాగం తప్ప మిగతాది చెరిపేయండి. లేకపోతే కప్పు అంచు చుట్టూ మురికి గీత కనిపిస్తుంది.

కత్తెరపని:
మీరు చెప్పిన 240 పేపర్ అంతటా ఉండదు కదా! మూలల్లో 225 ఉంటే? ఆరు శాతం నలుపు ముసుగులా మిగులుతుంది. నేను ఒకసారి ఇలాగే చేసి పంపాను. నా మానిటర్‌లో ఏమీ కనిపించలేదు. క్లయింట్ ఫోన్‌లో తెరిస్తే ప్రతి వస్తువు చుట్టూ లేత పెట్టె. రోజంతా చేసిన పని మళ్లీ మొదటి నుంచి. అప్పటి నుంచే నీడలు తీసేస్తున్నాను.

వెలుగునీడ:
ఆ పెట్టె నాకూ వచ్చింది, అది నిజమైన ప్రమాదమే. పంపే ముందు అన్నిటి పైన Levels లేయర్ ఒకటి తాత్కాలికంగా వేసి, మధ్య స్లయిడర్‌ను కుడివైపు బాగా లాగండి. ముసుగు ఉంటే పెట్టె అంచు బయటపడుతుంది. పెద్ద మెత్తటి బ్రష్‌తో నీడ చివర నుంచి బయటికి చెరిపి, ఆ లేయర్ తీసేయండి. ఒక్క ఫోటోకి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. నలభై ఫోటోలకి మీ పద్ధతే మేలని నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే Drop Shadow బదులు అడుగున సన్నటి గీత ఒకటి గీయండి.

గాజుసీసా:
కప్పుకు సరే. నేను ముదురు తేనెరంగు సీసాతో ఇదే చేశాను. అసలు ఫోటోలో నీడ మధ్యలో నారింజ మెరుపు, దానిలో తెల్లటి చార. మీ లెక్కతో చేస్తే నారింజ అంతా బూడిద అయింది, చార మాయమైంది. నీడ కాదు, మసి అనిపించింది.

వెలుగునీడ:
మీరు పట్టుకున్నది సరైన చోటే. నలుపు ముదురు చేయగలదు, వెలిగించలేదు. గాజు వెలుగును ఒకచోటికి పోగేస్తే అక్కడ పేపర్ కన్నా తెల్లగా ఉంటుంది, ఆ వెలుగు ఈ లెక్కలో పట్టదు. రంగు తీసేయకుండా Multiplyలో ఉంచితే నారింజ కొంత దక్కుతుంది. కానీ పీఎన్‌జీలో ఒక పిక్సెల్‌కి ఒకే పారదర్శకత ఉంటుంది, ఎరుపుకి ఒకటి నీలానికి ఒకటి ఇవ్వలేం. గాజు వస్తువైతే నేను పేజీ రంగు పేపర్ మీదే పెట్టి తీయమని అడుగుతాను. ఇప్పటికే తీసి ఉన్న ఫోటోకి నా దగ్గర మంచి దారి లేదు.

కొత్తకుంచె:
ఇదే కప్పు దాదాపు నల్లటి పేజీ మీద కూడా రావాలి. అక్కడ?

కత్తెరపని:
20లో ముప్పావు 15. ఎవరి కంటికి కనిపిస్తుంది? అక్కడైనా తీసేయమనండి.

వెలుగునీడ:
నీడ కనబడాలంటే నేలకి వెలుగుండాలి. కప్పు కింద పేజీని కొద్దిగా, 45 దాకా, గుండ్రంగా వెలిగించి దాని మీద నీడ పెడతాను.

గాజుసీసా:
అక్కడ లేని లైటును కల్పించడమే కదా అది? ఫోటోలో ఉన్నదే ఉంచాలని మీరే అంటున్నారు.

వెలుగునీడ:
అవును, కల్పనే. తేలే కప్పు కన్నా నాకు అదే నయమనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోతే తప్పని అనను.

కొత్తకుంచె:
పసుపు మీద కుదిరింది! అడుగు గీత అలాగే ఉంచి, పక్క నీడను సగానికి తగ్గించాను. కప్పు కూర్చుంది. కానీ ఇప్పుడు ఇంకోటి కనిపిస్తోంది. కప్పు కింది వంపులో తెల్లటి మెరుపు, పసుపు నేల మీద ఉన్న కప్పులా లేదు.

వెలుగునీడ:
అది మీ తెల్ల పేపర్ ప్రతిబింబం. కప్పు లేయర్‌కే పరిమితమయ్యేలా పైన కొత్త లేయర్ వేసి, Multiplyలో, పేజీ పసుపుతో పది శాతం బ్రష్‌ను ఆ వంపు మీద ఒక్కసారి నడపండి. కప్పు మధ్య దాకా పోనివ్వకండి. చేశాక ఫోటో ఇక్కడ పెట్టండి, చూస్తాను.