కళ్ల కింద నలుపు తగ్గించాలి, కానీ ఎడిట్ చేసినట్టు తెలియకూడదు. ఎలా?

పెళ్లికూతురి అమ్మగారి ఫొటో ఒకటి ఫొటోషాప్‌లో సరిచేస్తున్నాను. తెల్లవారుజామున ముహూర్తం, రాత్రంతా నిద్ర లేదు, పైగా లైటు నెత్తి మీద నుంచి పడటంతో కళ్ల కింద ఉబ్బు, దాని కింద గీతలా నీడ బాగా కనిపిస్తున్నాయి. ఆవిడకి యాభై దాటాయి కాబట్టి మొత్తం తుడిచేస్తే ఆవిడలా ఉండరు, సగం తగ్గితే చాలు.

Healing Brush‌తో విడి లేయర్ మీద చేసి ఒపాసిటీ 50%కి దించితే, పాత ముడతల మీద బుగ్గ చర్మం పల్చగా పరిచినట్టు మసక కనిపిస్తోంది. అందుకే ఇప్పుడు Curves లేయర్ కొద్దిగా పైకి లేపి, మాస్క్ నల్లగా చేసి, మెత్తని తెల్ల బ్రష్‌తో Flow 5% పెట్టి ఆ నీడ గీత మీద మాత్రమే రాస్తున్నాను. ఉబ్బు చదునైంది, చర్మం రంధ్రాలు కూడా అలాగే ఉన్నాయి.

చిక్కల్లా రంగుతోనే. వెలుగు పెరిగాక లోపలి మూలలో, ముక్కు పక్కన, బూడిద కలిసిన ఊదా రంగు ఇంకా తేలింది. ఖాళీ లేయర్ Color మోడ్‌లో పెట్టి బుగ్గ రంగు తీసుకుని రాస్తే, చామనఛాయ కదా, ఎర్రగా మేకప్ వేసినట్టు అయింది. రంగు బుగ్గ నుంచి కాకుండా కంటి బయటి మూల దగ్గర తీసుకోవాలా, లేక Curves‌లోనే Blue చానెల్ కాస్త తగ్గిస్తే సరిపోతుందా? ఇలాంటి చర్మానికి మీరేం చేస్తారు?